మిషన్ షాప్ ఖాళీగా ఉంటే ఆ మెయింటెనెన్స్ ఖర్చు ప్యాకింగ్ మీద ఎందుకు పడాలి?

జీడిమెట్ల_ప్యాకింగ్: మా ప్లాంట్‌లో మిషన్ షాప్‌కీ ప్యాకింగ్‌కీ కలిపి ఒకటే మెయింటెనెన్స్. నెల ఖర్చంతా వాడిన గంటల లెక్కన పంచుతారు. వాళ్లకు ఆర్డర్లు తగ్గి వాడకం 1200 నుంచి 600 గంటలకు పడిపోయింది. మేం ఎప్పటిలాగే 800 వాడాం, అయినా మా బిల్లు లక్ష పైగా పెరిగింది. ఇది న్యాయమేనా?

శ్రీధర్_కాస్టింగ్: న్యాయం కాదండి. మెకానిక్‌ల జీతాలు, వర్క్‌షాప్ అద్దె కలిపి నెలకు 6 లక్షలు, స్పేర్లు, గ్రీజు గంటకు 200 అనుకుందాం. 1400 గంటల మీద పంచితే మీకు 5.03 లక్షలు వస్తుంది, ముందు 4 లక్షలే. మెకానిక్‌లను పెట్టుకున్నది ఎంత పని వస్తుందని చెప్పారో దాన్ని బట్టి. కాబట్టి 6 లక్షలు బడ్జెట్‌లో అడిగిన 1200, 800 గంటల నిష్పత్తిలోనే పంచాలి, వాడకానికి గంటకు 200 వేయాలి. అప్పుడు మీకు 2.40 ప్లస్ 1.60, మళ్లీ 4 లక్షలే. రెండు రేట్లూ బడ్జెట్‌వే ఉండాలి, లేకపోతే మెయింటెనెన్స్ వాళ్ల దుబారా కూడా మీ నెత్తినే పడుతుంది.



మిషన్‌షాప్_రవి: అంటే నేను 600 గంటలే వాడి 4.80 లక్షలు కట్టాలా? గంటకు 800 పడుతోంది. బయట కాంట్రాక్టర్ 500కే చేస్తానంటున్నాడు, అటే ఇచ్చేస్తా.

శ్రీధర్_కాస్టింగ్: ఇవ్వకండి రవి గారూ. మీరు ఒక గంట బయటికిస్తే కంపెనీకి మిగిలేది ఆ 200 మాత్రమే, పోయేది 500. మీ 3.60 లక్షలు వాడినా వాడకున్నా కట్టేవే, అందుకే ఈ ఏడాది నిర్ణయానికి 800 చూడకూడదు. వచ్చే ఏడాది మెకానిక్‌లను తగ్గించగలిగితే అప్పుడు లెక్క వేరు.

సుజాత_అకౌంట్స్: స్థిర ఖర్చు ఎలాగూ అయ్యేదే కదా, ఎవరికీ పంచకుండా హెడ్ ఆఫీస్‌లో ఉంచేస్తే పోలా?

శ్రీధర్_కాస్టింగ్: అడిగిన కెపాసిటీకి డబ్బు కట్టక్కర్లేదంటే ప్రతి మేనేజరూ రెండింతలు అడుగుతాడమ్మా. కానీ ఎవరూ అడగని గంటలకు మనుషులుంటే, ఆ ఖర్చు హెడ్ ఆఫీస్‌లోనే ఉండాలి, అక్కడ మీతో ఏకీభవిస్తా.

మిషన్‌షాప్_రవి: అయితే వచ్చే బడ్జెట్‌లో నేను 600 అనే రాస్తా. ఆర్డర్లు తిరిగొస్తే అదనపు గంటలు 200 చొప్పున తీసుకుంటా.

జీడిమెట్ల_ప్యాకింగ్: చూశారా సార్, మళ్లీ ఆ భారం మాకే. 6 లక్షల్లో మా వాటా 3.43 అవుతుంది.

శ్రీధర్_కాస్టింగ్: ఈ పద్ధతిలో అసలు లోపం ఇదే. అడిగినదాన్ని దాటిన గంటలకు ఎక్కువ రేటు పెట్టాలి, బ్రేక్‌డౌన్ల రద్దీలో ముందు అడిగినవాళ్లకే మెకానిక్ వెళ్లాలి. గత రెండేళ్లలో ఏ నెల ఎక్కువ వాడారో జాబ్ కార్డుల్లో చూస్తే, తక్కువ రాసినవాళ్లు దొరుకుతారు.

మిషన్‌షాప్_రవి: ఆర్డర్లు నా చేతిలో లేవు, సేల్స్ చేతిలో ఉన్నాయి. వాళ్ల అంచనా తప్పితే ఎక్కువ రేటు నేనెందుకు కట్టాలి?