ఇంటర్న్‌షిప్ లేని ఫ్రెషర్‌కు ఓపెన్ సోర్స్ పని ఎంతవరకు అక్కరకొస్తుంది?

మారతహళ్లి పీజీ నుంచి: అందరికీ నమస్కారం. కడపలో బీటెక్ ముగించుకొని బెంగళూరు వచ్చాను. ఇంటర్న్‌షిప్ ఏదీ చేయలేదు. బ్యాంకు స్టేట్‌మెంటు చదివి ఖర్చులను పద్దులవారీగా విడదీసే చిన్న పైథాన్ ప్రోగ్రామును గిట్‌హబ్‌లో పెట్టాను. దీనికి ఓపెన్ సోర్స్ పనిని ఎలా జోడించాలో పెద్దలు చెప్పగలరు.

బీటీఎం లేఅవుట్ నుంచి: తమ్ముడూ, అక్టోబరులో ఓపెన్ సోర్స్ పనిని ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం ఉంటుంది. ఏ రిపాజిటరీలోనైనా అక్షరదోషాలు దిద్ది కొన్ని పుల్ రిక్వెస్టులు పంపితే సరిపోతుంది.

జయనగర్ నుంచి: నాయనా, కన్సల్టెన్సీల జోలికి మాత్రం వెళ్లకు. మా అక్క కొడుకు దగ్గర డబ్బు తీసుకొని ఒకరు ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇచ్చారు. ఉద్యోగం వచ్చాక వెరిఫికేషన్‌లో ఆ చిరునామాలో జిరాక్సు దుకాణం తప్ప కంపెనీయే లేదని తేలి, ఆఫరు రద్దయింది. డబ్బు అడగబోతే ఆఫీసు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

వైట్‌ఫీల్డ్ నుంచి: హాక్టోబర్‌ఫెస్ట్ గురించి చెప్పింది సగమే నిజమండీ. అటువంటి పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తడంతో 2020 నుంచి, స్వయంగా అంగీకారం తెలిపిన రిపాజిటరీలలో చేసిన పనినే లెక్కిస్తున్నారు. నేను ఇంటర్వ్యూలలో సంఖ్య చూడను. మెర్జ్ అయిన ఒక్క మార్పును తెరిచి, ఆ వరుస ఎందుకు మార్చారని అడుగుతాను.

బాబూ, మీ ప్రోగ్రాము వాడే లైబ్రరీతోనే మొదలుపెట్టండి. మా బృందంలో చేరిన ఒక అమ్మాయి అలాగే చేసింది. ఎక్సెల్‌లో సేవ్ చేసిన కొన్ని ఫైళ్లకు మాత్రమే ఆమె ప్రోగ్రాము `KeyError: 'Date'` అని ఆగిపోయేది. ప్రింట్ చేస్తే ఆ శీర్షిక మామూలుగానే కనిపించేది. `repr()` తో చూస్తే `'\ufeffDate'` అని బయటపడింది. ఫైలు మొదట్లో ఎక్సెల్ చేర్చే కనిపించని గుర్తును ఆ లైబ్రరీ శీర్షికలో కలిపేస్తోంది. పాత ఇష్యూలు వెతికి, రెండు వరుసల నమూనా ఫైలుతో కొత్త ఇష్యూ తెరిచి, మెయింటెయినర్ సరేనన్నాకే ముందు విఫలమయ్యే టెస్టును, ఆ తర్వాత ఈ మార్పును రాసింది:

```python
open(path, encoding="utf-8-sig")
```

గుర్తు లేని ఫైళ్లను కూడా ఇది సరిగానే చదువుతుంది. అయితే రాసేచోట కూడా దీన్నే పెడితే ప్రతి ఫైలుకూ ఆ గుర్తు తగులుకుంటుంది కనుక, అక్కడ పాత పద్ధతినే ఉంచమని మెయింటెయినర్ అడిగాడు. ఇంటర్వ్యూలో మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఆ రివ్యూ గురించే.

మరొక సంగతి: రిపాజిటరీలో మీ అసలు స్టేట్‌మెంటు ఉంటే, దాన్ని తొలగిస్తూ ఇంకో కమిట్ చేసినంత మాత్రాన పోదు, పాత కమిట్లలో ఉండిపోతుంది. కల్పిత లెక్కలతో కొత్త రిపాజిటరీ మొదలుపెట్టడం సులువు.

కోరమంగళ నుంచి: ఇదంతా రెజ్యూమే మీదాకా వచ్చినప్పటి మాట కదండీ. ముందు వడపోసే హెచ్ఆర్ వాళ్లు లింకులు తెరుస్తారా?

వైట్‌ఫీల్డ్ నుంచి: చాలాచోట్ల తెరవరు, ఒప్పుకుంటాను. అందుకే లింకు ఒక్కటే ఇవ్వకుండా, ఏ లోపాన్ని ఎలా సరిచేశారో రెజ్యూమేలోనే ఒక వాక్యంలో రాసి, పక్కన ఆ పుల్ రిక్వెస్టు లింకు పెట్టమంటాను.

కోరమంగళ నుంచి: ఆ వాక్యం చదవడానికైనా రెఫరల్ కావాలంటాను నేను.