ఒక్క థింక్ అలౌడ్ రికార్డింగ్ నుంచి లోపాలను తీవ్రత వరుసలో ఎలా రాయాలి?

శ్రీలత, కూకట్‌పల్లి

రక్త నమూనాను ఇంటికి వచ్చి తీసుకువెళ్ళే సేవ కోసం మా బృందం ఒక యాప్ తయారు చేస్తోంది. గత వారం 64 ఏళ్ళ విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరిని కూర్చోబెట్టి, మనసులో అనుకుంటున్నదంతా పైకి చెబుతూ యాప్ వాడమని కోరాను. ఆయనకు మూడు పనులు ఇచ్చాను. మర్నాడు ఉదయం ఏడు గంటలకు పరగడుపు షుగర్ పరీక్ష బుక్ చేయాలి, మియాపూర్‌లోని కూతురి ఇంటి చిరునామా చేర్చాలి, ఆ తరువాత పరీక్ష సమయాన్ని ఎనిమిదికి మార్చాలి. రికార్డింగ్ 38 నిమిషాలు వచ్చింది.

ఆయన అన్న మాటలన్నీ రాసుకుని, ఏ ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి జాబితా చేశాను. అక్షరాలు చిన్నవని ఐదుసార్లు అన్నారు కనుక అది మొదటిది. ఆకుపచ్చ రంగు బాగాలేదని మూడుసార్లు అన్నారు కనుక అది రెండవది. చిరునామా ఫారం ముందుకు కదలకపోవడం మూడవది, సమయం మార్చే చోటు వెంటనే దొరకకపోవడం నాలుగవది. బుకింగ్ దగ్గర మాత్రం ఏ ఫిర్యాదూ లేదు. అక్కడ ఆయన ఒక్కసారి ఆగితే, కింద ఇంకేమైనా ఉందేమో చూడమన్నాను, వెంటనే పూర్తి చేసి "సులభంగానే ఉందమ్మా" అన్నారు. ఈ జాబితాను మా మేనేజర్‌కు ఇవ్వవచ్చా? ముందు ఏది సరిచేయాలో ఆయన దీన్ని చూసే నిర్ణయిస్తారు.

కిరణ్, గచ్చిబౌలి

శ్రీలత గారూ, ఒక్క మనిషి రికార్డింగ్‌తో వరుస పెట్టడమే సరికాదు. ఐదుగురితో పరీక్షిస్తే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని నీల్సన్, లాండవర్ అనే పరిశోధకుల లెక్క చెబుతోంది. ఐదుగురి రికార్డింగులూ చేతికి వచ్చాక, ఏ లోపం ఎంతమందికి ఎదురైందో లెక్కపెట్టి ఆ సంఖ్య ప్రకారం పేర్చండి. అంతవరకు జాబితా ఎవరికీ ఇవ్వకండి.

అబ్దుల్ రహీం, బేగంబజార్

మాకూ ఇదే చిక్కు వచ్చింది. మేము టోకు దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. కౌంటర్ దగ్గర కొనేవారు నిలబడి ఉంటే దుకాణదారు పైకి ఒక్క మాట కూడా మాట్లాడడు, రికార్డింగ్ అంతా నిశ్శబ్దమే. అందుకని పని అయిపోయాక అదే వీడియోను ఆయనకు చూపించి, ఇక్కడ ఏమనుకున్నారని అడుగుతున్నాం. మీరూ అలా చేస్తే ఎక్కువ మాటలు దొరుకుతాయి.

శ్రీలత, కూకట్‌పల్లి

రహీం గారూ, మా వద్ద మాటలకు కొరత లేదు, ఆయన ఎంతో ఓపికగా మాట్లాడారు. ఆ మాటలనుంచి వరుస ఎలా తేవాలన్నదే నా సందేహం.

సుభద్ర, తార్నాక

శ్రీలత గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది, కానీ అది మీ జాబితాలో లేదు. "కింద ఇంకేమైనా ఉందేమో చూడండి" అని మీరు అన్న చోటికి వీడియోను తిరిగి తీసుకువెళ్ళండి. ఆ మాటకు ముందు ఒక నిమిషం చూసి మూడు విషయాలు రాయండి: ఆయన వేలు చివరగా ఎక్కడ తాకింది, ఆ తాకిడి తరువాత ఏమన్నారు, ఆ క్షణంలో సర్వర్‌లో బుకింగ్ నిజంగా నమోదైందా.

నేను రికార్డింగ్ చూసేటప్పుడు ఆయన చేసినది, ఆయన అన్నది, నేను అన్నది అని మూడు వరుసలు గీసుకుని, ప్రతి సంఘటన పక్కన సమయం వేస్తాను. మాటల వరుసను మాత్రమే రాస్తే, గొంతెత్తి చెప్పిన చిన్న అసౌకర్యం పైకి వస్తుంది, తప్పు చేశానని తెలియక చల్లగా సాగిపోయిన పెద్ద పొరపాటు మాయమవుతుంది. మనిషికి పొరపాటు జరిగిందని తెలిస్తేనే కదా ఫిర్యాదు చేసేది. పని బాగా కష్టమైనప్పుడు కూడా చాలామంది మాట్లాడటం మానేస్తారు. అందుచేత పదిహేను ఇరవై సెకన్ల మౌనాన్ని కూడా సమయం వేసి రాయాలి.

మూడవ వరుస మీ కోసం. మీరు సాయం చేసిన ప్రతి చోటా, ఆ సాయం లేకపోతే ఏమయ్యేదో రాయండి. మీ సూచన తరువాత పని పూర్తయితే, దాన్ని ఆయన పూర్తి చేసినట్లు లెక్కించకూడదు. "సులభంగానే ఉందమ్మా" అన్న మాటకు కూడా అక్కడ సాక్ష్యంగా పెద్ద బరువు లేదు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి మనసు నొప్పించకూడదని మన పెద్దలు అలాంటి మాట అనడం సహజం.

కిరణ్ గారు చెప్పినదానిలో సగం సరైనదే. ఎంతమందికి ఎదురవుతుందన్న విషయాన్ని ఒక్క రికార్డింగ్ చెప్పలేదు, కనుక ఆ చోట "పరీక్షించిన ఒక్కరిలో ఒక్కరికి" అని మాత్రమే రాయాలి. అయితే తీవ్రత అంటే సంఖ్య ఒక్కటే కాదు. నీల్సన్ కొలబద్దలో ఎంత తరచుగా వస్తుంది, వచ్చినప్పుడు ఎంత దెబ్బ తీస్తుంది, ఒకసారి తెలిశాక కూడా మళ్ళీ మళ్ళీ పట్టి పీడిస్తుందా అన్న మూడూ కలిసి ఉంటాయి. రెండవదానిని ఒక్క రికార్డింగ్ నుంచే చాలావరకు తీయవచ్చు. ఇక 85 శాతం లెక్క, ప్రతి లోపమూ సగటున 31 శాతం మందికి కనిపిస్తుందన్న ఊహ మీద నిలబడి ఉంది. మీ యాప్‌లోని లోపాలు అంతకంటే అరుదైనవైతే ఐదుగురు సరిపోరు.

శ్రీలత, కూకట్‌పల్లి

సుభద్ర గారూ, మీరు చెప్పినట్లే రాత్రి కూర్చుని మళ్ళీ చూశాను. 9 నిమిషాల 20 సెకన్ల దగ్గర ఆయన ఏడు గంటల స్లాట్‌ను తాకారు. ఆ గడి నిండా రంగు పరుచుకుని టిక్ గుర్తు వచ్చింది. ఆయన "సరే, అయిపోయింది, రేపు ఏడింటికి వస్తారు" అని ఫోన్ బల్ల మీద పెట్టేశారు. ఖరారు చేసే బటన్ తెర కింద, స్క్రోల్ చేస్తే తప్ప కనబడని చోట ఉంది. బుకింగ్ నమోదు కాలేదు. నేను 9:41 కి సూచన ఇచ్చాను.

చిరునామా దగ్గర 17:45 నుంచి రెండున్నర నిమిషాలు గడిచాయి. పిన్‌కోడ్ గడిలో "హనుమాన్ గుడి పక్క వీధి" అని గుర్తు రాశారు. సేవ్ నొక్కితే కదలలేదు, మూడుసార్లు నొక్కారు. తప్పు చెప్పే ఎర్ర వాక్యం తెర పైభాగంలో వచ్చింది, ఆయన చూపు అప్పటికి కిందనే ఉంది. చివరికి తానే పైకి జరిపి చదువుకుని సరిచేశారు. సమయం మార్చేందుకు ముందు ప్రొఫైల్‌లో వెతికి, 40 సెకన్లలో "నా ఆర్డర్లు" పేజీకి చేరుకున్నారు. చిన్న అక్షరాల గురించి ఐదుసార్లు అన్నా, ఐదుసార్లూ ఫోన్ దగ్గరగా తెచ్చుకుని సరిగ్గానే చదివారు.

సుభద్ర, తార్నాక

ఇప్పుడు వరుస దానంతట అదే కనబడుతోంది. సున్నా నుంచి నాలుగు వరకు ఉండే నీల్సన్ కొలబద్దలో స్లాట్ తెరను 4 గా, అంటే విడుదలకు ముందే సరిచేసి తీరవలసిన లోపంగా రాస్తాను. ఇంట్లో మీరు పక్కన ఉండరు. ఆయన పరగడుపున ఎదురుచూస్తూ కూర్చుంటారు, ఎవరూ రారు, పొరపాటు ఎక్కడ జరిగిందో ఆయనకు తెలియనే తెలియదు. చిరునామా ఫారం 3, ఎందుకంటే చాలాసేపు ఇబ్బంది పడినా సాయం లేకుండా బయటపడ్డారు. అక్షరాల పరిమాణం 2, సమయం మార్చే చోటు కూడా 2. ఆకుపచ్చ రంగు ఆయన చేతను ఏ తప్పూ చేయించలేదు, కనుక 0. దాన్ని అభిరుచిగా వేరే పేజీలో ఉంచండి, పారేయకండి.

వాక్యం రాసే తీరులో కూడా జాగ్రత్త అవసరం. "బటన్ కనబడలేదు" అంటే అర్థం కాదు, "బటన్‌ను పైకి తేవాలి" అంటే అది పరిష్కారమే గాని లోపం కాదు. "స్లాట్ ఎంచుకోగానే వచ్చే రంగు, టిక్ గుర్తు బుకింగ్ ముగిసినట్లు అనిపించాయి, ఖరారు బటన్ తెర బయట ఉంది, అందువల్ల నమోదు కాకుండానే వదిలేశారు" అని తెర, ఆయన అనుకున్నది, నిజంగా జరిగినది, ఫలితం ఒకే వాక్యంలో రావాలి. పక్కన 9:20 అని సమయం, ఆయన తెలుగు మాట ఉన్నది ఉన్నట్లుగా పెట్టండి. ఇంగ్లీషులోకి మారిస్తే "అయిపోయింది" అన్న మాటలోని నిశ్చింత పోతుంది, మీ మేనేజర్‌ను ఒప్పించేది ఆ నిశ్చింతే. టిక్ గుర్తునూ, కింద ఉన్న బటన్‌నూ రెండు లోపాలుగా విడదీయకండి, ఒకే పొరపాటుకు రెండు కారణాలుగా రాయండి. అప్పుడే, బటన్‌ను పైకి తెచ్చి టిక్‌ను అలాగే వదిలేస్తే సగం పనే అయిందని ఎవరికైనా తెలుస్తుంది.

కిరణ్, గచ్చిబౌలి

సంఖ్య ఒక్కటే చాలదన్నది ఒప్పుకుంటున్నాను. కానీ 4 ఇవ్వడం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. మూడవ పనిలో ఎనిమిది గంటల స్లాట్ ఎంచుకోవలసి వచ్చింది కదా, అప్పుడు బటన్ నొక్కారా? నొక్కి ఉంటే ఒకసారి తెలుసుకున్నాక పీడించని లోపమన్నమాట, 3 చాలు.

శ్రీలత, కూకట్‌పల్లి

చూశాను, 29 వ నిమిషంలో వెంటనే కిందికి జరిపి నొక్కారు.

సుభద్ర, తార్నాక

కిరణ్ గారు మంచి చోటు పట్టుకున్నారు. అయితే ఆ పాఠం యాప్ నేర్పిందా, 9:41 న శ్రీలత గారి సూచన నేర్పిందా అన్నది ఈ రికార్డింగ్ తేల్చలేదు. నేను 4 దగ్గరే ఉంటాను, ఎందుకంటే మొదటిసారి నష్టమే ఈ సేవలో పెద్దది. మీరు 3 అనడానికి కారణం ఉంది, కనుక నివేదికలో రెండు అంకెలూ, రెండు కారణాలూ రాయమంటాను.

ఇంకొక మాట. ఈ రికార్డింగ్‌ను ఇంకొకరిచేత, మీ జాబితా చూపించకుండా, విడిగా చూడనివ్వండి. 1998 లో జేకబ్‌సన్, హెర్జుమ్, జాన్ అనే పరిశోధకులు నలుగురు పరిశీలకులకు ఒకే వీడియోలు ఇస్తే, మొత్తం 93 లోపాలు తేలాయి. నలుగురూ పట్టుకున్నవి వాటిలో 20 శాతమే, ఒక్కరికే కనబడినవి 46 శాతం. మీ మొదటి జాబితాలో బుకింగ్ లేకపోవడం అసాధారణమేమీ కాదు.

అబ్దుల్ రహీం, బేగంబజార్

అంటే మా దుకాణదారు తరువాత వీడియో చూసి చెప్పే మాటలు కూడా సరిపోవన్నమాట. బిల్లు రద్దయిందని అనుకుని వదిలేసిన చోట ఆయన మాకు చెప్పేదేమీ ఉండదు. తన దృష్టిలో అక్కడ అంతా బాగానే జరిగింది. ఆ రికార్డింగులను సర్వర్ లాగ్‌తో పక్కపక్కన పెట్టి మళ్ళీ చూస్తాను.

శ్రీలత, కూకట్‌పల్లి

మా సహోద్యోగికి రికార్డింగ్ ఇచ్చాను, నా జాబితా ఇవ్వలేదు. వచ్చే బుధవారం మరొకరితో పరీక్ష ఉంది. ఈసారి స్లాట్ దగ్గర ఆయన ఫోన్ పక్కన పెట్టినా నేను నోరు మెదపను. పని అయిందని ఆయనే చెప్పేవరకు ఆగి, ఆ తరువాతే రెండవ పని ఇస్తాను. మూడవ పనిలో బటన్ తనంతట తాను కనుక్కుంటారో లేదో చూసి, 3 వేయాలో 4 వేయాలో ఇక్కడ రాస్తాను.