కెల్లీ లెక్క 10 శాతం పెట్టమంటోంది, అందరూ 2 చాలంటున్నారు. ఎవరిది తప్పు?

గాజువాక చిన్నా
అన్నలకు నమస్తే. నిఫ్టీ ఆప్షన్లు కొంటాను, అమ్మను. ప్రీమియం 150 దగ్గర ఎంట్రీ, 40 పాయింట్లు స్టాప్, 40 పాయింట్లు టార్గెట్. 100 ట్రేడ్లు నోట్‌బుక్‌లో రాసుకున్నాను, 55 గెలిచాయి. గెలిస్తే ఎంతో ఓడితే అంతే కాబట్టి ట్రేడ్‌కి డబ్బులో ఎంత శాతం రిస్క్ పెట్టాలో చెప్పే కెల్లీ ఫార్ములా ప్రకారం 55లోంచి 45 తీసేస్తే 10 శాతం. నా దగ్గర 4 లక్షలు ఉంటే ట్రేడ్‌కి 40 వేలు రిస్క్ పెట్టాను. అప్పుడు లాట్ 75, అంటే 13 లాట్లు. వరసగా ఏడు స్టాప్‌లు కొట్టాయి. ఇప్పుడు అకౌంట్‌లో 1.91 లక్షలు ఉన్నాయి. ఫార్ములా తప్పా, నేను తప్పా? మీరంతా కెల్లీలో పావో, ఇంకా తక్కువో పెడతారట, ఎందుకు? ఇంకోటి, దీనికి ఎక్సెల్ షీట్ ఎవరి దగ్గరైనా ఉందా?

భీమవరం రాజు
తమ్ముడూ, ఏడు ఓటములకే ఇంత టెన్షనా? సంక్రాంతికి మా ఊరు రా, మూడు రోజుల్లో ఏడు పుంజులు ఓడినవాళ్లను చూపిస్తాను. బరి దగ్గర ఈ లెక్కలేవీ ఉండవు. పుంజు కళ్లు చూస్తాం, పందెం కాస్తాం, అంతే. విశాఖ వచ్చి పదేళ్లయింది, ఇక్కడ సరైన బరే లేదు.

బీచ్‌రోడ్ బుల్
ఫార్ములా తప్పు కాదు, గుండె చాలలేదు. 1956లో బెల్ ల్యాబ్స్‌లో కెల్లీ నిరూపించి పెట్టాడు, దీర్ఘకాలంలో డబ్బు అన్నిటికంటే వేగంగా పెరిగేది ఫుల్ కెల్లీతోనే అని. సగం, పావు అనేవాళ్లు గణితం చదవలేదు. పదకొండేళ్లుగా మార్కెట్‌లో ఉన్నాను, చెబుతున్నాను. ఆపకు, ఇప్పుడున్న 1.91లో 10 శాతం పెట్టుకుంటూ పో.

లెక్కల మాస్టారు
బుల్ గారూ, నిరూపించిన మాట నిజమే. కానీ గెలిచే అవకాశం ఎంతో కచ్చితంగా తెలిసినవాడి గురించి నిరూపించాడు. చిన్నాకి అది తెలియదు, 100 ట్రేడ్ల నోట్‌బుక్ మాత్రమే ఉంది.

చిన్నా, బొమ్మా బొరుసూ సమానంగా పడే నాణేన్ని 100 సార్లు ఎగరేసినా 55 బొమ్మలు పడటం వింతేమీ కాదు. 100 ట్రేడ్ల నుంచి తీసిన గెలుపు శాతం అటూ ఇటూ 5 వరకు మామూలుగానే ఊగుతుంది. అంటే నీ 55 నిజంగా 55 కావచ్చు, 60 కావచ్చు, 50 కూడా కావచ్చు.

నీ 4 లక్షలతోనే చూద్దాం, తర్వాతి 100 ట్రేడ్లు. నిజం 55 అయితే 10 శాతం పెట్టినవాడికి సుమారు 6.6 లక్షలు అవుతాయి, 5 శాతం పెట్టినవాడికి 5.8 లక్షలు. ఇక్కడ బుల్ గారిదే పైచేయి. నిజం 52.5 అనుకో. 10 శాతం వాడు ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడే ఉంటాడు, 4 లక్షలు. 5 శాతం వాడికి 4.5 లక్షలు. నిజం 50 అయితే 10 శాతం వాడికి 2.4 మిగులుతుంది, 5 శాతం వాడికి 3.5, 2 శాతం వాడికి 3.9.

మధ్యలోది మళ్లీ చూడు. 52.5కి సరైన కెల్లీ 5 శాతమే. నువ్వు 10 పెట్టావంటే దానికి రెట్టింపు పెట్టినట్టు. రెట్టింపు పెడితే నీ నైపుణ్యం మొత్తం ఆవిరైపోయి ఎదుగుదల సున్నాకి వస్తుంది, అంతకు మించితే సిస్టమ్ మంచిదైనా డబ్బు కరుగుతుంది. తక్కువ పెడితే పోయేది కొంత లాభం, ఎక్కువ పెడితే పోయేది అసలు. ఈ రెండూ సమానం కావు, అందుకే అందరూ కిందికే జరుగుతారు.

ఒక ప్రశ్న. ఈ సిస్టమ్ ఎంచుకునే ముందు ఇంకెన్ని పరీక్షించావు?

పద్మ, సీతమ్మధార
అసలు 40కి 40 అనేదే తప్పు కదా! బ్రోకరేజీ, ఎస్‌టీటీ, జీఎస్‌టీ, పైగా స్టాప్ కొట్టిన చోట ధర ఒకటి రెండు రూపాయలు జారడం, ఇవన్నీ ఎవరు కట్టారు? ట్రేడ్‌కి ఒక్క పాయింటు పైచిలుకు పోయినా గెలుపు 39, ఓటమి 41 కింద లెక్క. అలా వేస్తే కెల్లీ 10 కాదు, 8 కూడా రాదు. నేను ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటూ రెండేళ్లు ట్రేడ్ చేశాను. గ్రాస్‌లో లాభం, కాంట్రాక్ట్ నోట్లు కూడితే నష్టం. మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

గాజువాక చిన్నా
మాస్టారూ, ఆరు పరీక్షించాను. ఇదే బాగుందని తీసుకున్నాను. అది తప్పా?

లెక్కల మాస్టారు
తప్పు కాదు. కానీ ఆరుగురు పిల్లలు ఊరికే నాణెం ఎగరేసినా అందులో ఒకడికి 55 రావడం చాలా మామూలు. బాగా వచ్చినదాన్ని ఏరుకున్నావు కాబట్టి నీ 55లో అదృష్టం పాలు కొంత కలిసే ఉంటుంది. నిజం దానికి కిందే ఉంటుందని అనుకోవాలి, పైన ఉంటుందని కాదు.

బీచ్‌రోడ్ బుల్
క్లాస్‌రూమ్ కబుర్లు. మాస్టారు ఎప్పుడైనా ఒక్క లాట్ ట్రేడ్ చేశారా? గణిత ప్రొఫెసర్ థార్ప్ బ్లాక్‌జాక్ పేకాటలో కెల్లీతోనే సంపాదించాడు.

లెక్కల మాస్టారు
బాబూ, ప్లాంట్ ఉద్యోగుల పిల్లలకి ప్రాబబిలిటీ చెబుతూనే 2009 నుంచి ట్రేడ్ చేస్తున్నాను. కాంట్రాక్ట్ నోట్లు ఇక్కడ అంటించమంటారా? పేకముక్కలు 52. ఏవి బయటికొచ్చాయో లెక్కపెట్టినవాడికి మిగిలినవి తెలుస్తాయి. మార్కెట్‌లో పేక ఎన్ని ముక్కలో కూడా తెలియదు. పైగా థార్ప్ కూడా పూర్తి కెల్లీ కంటే తక్కువే పెట్టమన్నాడు. సగం చదివి రావద్దు.

బీచ్‌రోడ్ బుల్
సగం చదివింది ఎవరు? నేను మీలాగా జీతం వెనక దాక్కుని ట్రేడ్ చేయలేదు.

కంచరపాలెం కుర్రాడు
మీ గొడవ ఆపండి గురూ. నాదో డౌట్. 10 శాతం కెల్లీ అంటే క్యాపిటల్‌లో 10 శాతంతో షేర్లు కొనాలనే కదా? నేను 4 లక్షలు ఉంటే 40 వేలకు షేర్లు కొంటున్నాను, 5 శాతం స్టాప్‌తో. నాకు ఏడు వరసగా పోయినా ఏమీ కాలేదే!

పద్మ, సీతమ్మధార
నువ్వు తెలియకుండానే బతికిపోయావు తమ్ముడూ. 40 వేల షేర్లకి 5 శాతం స్టాప్ అంటే పోయేది 2 వేలు. అంటే 4 లక్షల్లో అర శాతం. కెల్లీ చెప్పే 10 శాతం ఓడితే పోయే సొమ్ము, కొనే సొమ్ము కాదు. నీ స్టాప్‌తో ఫుల్ కెల్లీ పెట్టాలంటే 8 లక్షల షేర్లు కొనాలి. నీ దగ్గర ఉన్నదానికి రెట్టింపు, అప్పు తెచ్చి!

కంచరపాలెం కుర్రాడు
అమ్మో. మరి యూట్యూబ్‌లో ఒకాయన పొజిషన్ సైజ్ అన్నాడే?

బీచ్‌రోడ్ బుల్
పొజిషన్ సైజే. ఆప్షన్ కొన్నప్పుడు ప్రీమియం మొత్తం రిస్కే. రెండూ ఒకటే.

పద్మ, సీతమ్మధార
స్టాప్ లేకుండా ఎక్స్‌పైరీ దాకా పట్టుకుంటే ఒకటే. చిన్నా 150 ప్రీమియానికి 40 స్టాప్ పెట్టాడు, అక్కడ ఒకటి కాదు. 13 లాట్లకి అతను పెట్టిన సొమ్ము 1.46 లక్షలు, రిస్క్ 39 వేలు. రెండింటినీ కలిపేస్తే నాలుగు రెట్లు తేడా వస్తుంది. పదకొండేళ్ల అనుభవం అన్నారు కదా, ఇది కూడా మేమే చెప్పాలా?

ప్లాంట్ రిటైర్డ్
అందరూ కొనేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. నేను పుట్‌లు అమ్మేవాణ్ణి. పదికి తొమ్మిదిసార్లు గెలిచేవాణ్ణి. గెలిస్తే ఒక వంతు, స్టాప్ కొడితే రెండు వంతులు పోవాలని లెక్క. మా అబ్బాయి ఫార్ములాలో వేసి 70 శాతం వచ్చింది నాన్నా అన్నాడు. నవ్వుకుని 20 పెట్టాం, చాలా జాగ్రత్తగా ఉన్నామనుకుని. 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ ఒక్క రోజులో 1,379 పాయింట్లు పడింది. నా స్టాప్ ధర దగ్గర కొనేవాడూ లేడు, అమ్మేవాడూ లేడు. రెండు వంతులు పోవాల్సిన చోట తొమ్మిది వంతులు పోయాయి. రిటైర్మెంట్ సొమ్ములో పెద్ద ముక్క అది.

లెక్కల మాస్టారు
బాబాయ్, బాధగా ఉంది. ఒక్క మాట. ఓటమి తొమ్మిది వంతులని మొదటే వేసి ఉంటే, పదికి తొమ్మిది గెలుపులతో అదే ఫార్ములా సున్నా చూపించేది. అసలు ఆ ట్రేడే వద్దని. 70 రావడానికీ 0 రావడానికీ మధ్య మారింది స్టాప్ మీద మీ నమ్మకం ఒక్కటే.

భీమవరం రాజు
సున్నా అంటే గుర్తొచ్చింది. పందెంలో ఇద్దరి డబ్బూ సమానం, పైగా నిర్వాహకుడు తన వాటా తీసుకుంటాడు. మాస్టారి లెక్కలో మాకు ఎంత పెట్టమని వస్తుంది?

లెక్కల మాస్టారు
రాజుగారూ, సున్నా కంటే తక్కువ వస్తుంది. నిర్వాహకుడిగా చేరండి.

భీమవరం రాజు
😂 మా మావయ్య అదే చేస్తాడు.

అడ్మిన్
కోడిపందేల పోస్టులు ఇక్కడితో చాలు. బుల్ గారూ, వ్యక్తిగత మాటలు రాసిన ఒక పోస్టు తీసేశాం.

బీచ్‌రోడ్ బుల్
తీసేయండి. నా మాట మారదు. అంచనా మీద నమ్మకం లేకపోతే అంచనాని తగ్గించుకోండి, 55 బదులు 52 వేసుకోండి, దానికి ఫుల్ కెల్లీ పెట్టండి. ముందు ఒక అంకె కనిపెట్టి, మళ్లీ దాన్ని నాలుగుతో భాగించడం మూఢనమ్మకం.

లెక్కల మాస్టారు
ఇది మాత్రం ఆలోచించదగ్గ మాట. ముందు అంచనా తగ్గించుకోవడమే సరైన దారి అని నాకూ అనిపిస్తుంది. కానీ అంచనా అచ్చంగా నిజమైనా ఫుల్ కెల్లీ ప్రయాణం భరించలేం. అకౌంట్ ఎప్పుడో ఒకప్పుడు సగానికి పడే అవకాశం సుమారు రెండింట ఒకటి. సగం కెల్లీకి అది ఎనిమిదింట ఒకటి, ఎదుగుదల వేగంలో మాత్రం నాలుగింట మూడు వంతులు నిలుస్తుంది. చిన్నా ఏడు ఓటముల సంగతీ అంతే. నిజంగా 55 గెలిచే సిస్టమ్‌లో కూడా 300 ట్రేడ్లలో వరసగా ఏడు ఓడే అవకాశం దాదాపు సగం ఉంది.

బీచ్‌రోడ్ బుల్
భరించలేకపోతే మార్కెట్‌కి రావద్దు.

ప్లాంట్ రిటైర్డ్
ఆ వయసులో నేనూ అలాగే అన్నాను బాబూ.

గాజువాక చిన్నా
అందరికీ థ్యాంక్స్. పద్మ మేడమ్ చెప్పినట్టు కాంట్రాక్ట్ నోట్లు కూడితే నా గెలుపు సగటు 38.6 వచ్చింది, ఓటమి 41.5. రాత్రి ఫార్ములాలో వేస్తే 6.6 శాతం వచ్చింది. అదీ 55 నిజమనుకుంటేనే. 53 వేస్తే 2.5కి పడిపోయింది. ఇప్పుడు 1.91 లక్షల్లో 2 శాతం అంటే 3,820. లాట్ ఇప్పుడు 65 కాబట్టి 40 పాయింట్ల స్టాప్‌తో ఒక్కటే పడుతుంది, 2,600. మార్కెట్ ఊగుతున్న రోజు 60 పాయింట్ల స్టాప్ కావాలి, అప్పుడు ఒక్క లాట్‌కే 3,900. అంటే ఆ రోజు ట్రేడ్ మానేయాలా, స్టాప్ దగ్గరికి లాగాలా?

కంచరపాలెం కుర్రాడు
స్టాప్ దగ్గరికి లాగు.

పద్మ, సీతమ్మధార
స్టాప్ లాగితే నీ 55 కూడా మారిపోతుంది, మళ్లీ 100 ట్రేడ్లు రాయాలి. మానేయ్.

గాజువాక చిన్నా
ఎక్సెల్ షీట్ ఎవరూ ఇవ్వలేదు.