"వేశావా?" – అమ్మ అడిగింది ఒకటి, నేను విన్నది ఒకటి

గడియ వేసినవాడు:
మొన్న రాత్రి మా ఇంట్లో జరిగింది. అమ్మ తెనాలి నుంచి వచ్చి నెలవుతోంది. పదిన్నరకి వీధి తలుపు గడియ వేశాను. వంటింట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగి, లైటు ఆర్పి వస్తుంటే, లోపలి గదిలోంచి అమ్మ "వేశావా?" అంది. "ఆఁ, వేశాను" అన్నాను. ఇద్దరం నిశ్చింతగా పడుకున్నాం.

పొద్దున గిన్నె మూత తీస్తే పాలు పాలుగానే ఉన్నాయి, పైగా అదో రకం వాసన. ఆవిడ అడిగింది తోడు గురించట. గిన్నెలోకి చూస్తూ "ఆహా, వేశావు నాయనా, వేశావు" అంది.

మాట్లాడుకునే తీరు గురించి గ్రైస్ అనే తత్వవేత్త చెప్పిన సూత్రాలు కాలేజీలో చదువుకున్నాను. కావలసినంతే చెప్పు, నిజమే చెప్పు, సందర్భానికి తగింది చెప్పు, తేటగా చెప్పు. మా ఇంట్లో ఆ రాత్రి తప్పింది వీటిలో ఏది? తేటగా చెప్పడమే అయితే తప్పు అమ్మది. కానీ మా ఇంట్లో రోజూ ఇలాగే మాట్లాడుకుంటాం, రోజూ పెరుగు తోడుకుంటుంది కూడా. రెలెవెన్స్ థియరీ దీన్ని ఇంకోలా చూస్తుందని విన్నాను. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్తారా?

ఇందూరు పిల్ల:
మా దిక్కు తోడు "పెట్టినవా" అంటరు అన్నా. మీ అమ్మగారు అట్ల అడిగితే ఈ పంచాయితే లేకుండె.

గడియ వేసినవాడు:
గడియ కూడా పెడతారు కదమ్మా!

ఇందూరు పిల్ల:
అవు, అది సోచాయించలే 😄

అమ్మమ్మ చేతి వంట:
మా అమ్మమ్మ తోడుని చేమిరి అనేది. ఇప్పుడు ఆ మాట ఎవరైనా వాడుతున్నారా? అలాగే చలికాలంలో పాలు మరీ చల్లారిపోతే తోడు వేసినా తోడుకోదు, వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి. మీ పాలు అందుకే తోడుకోలేదేమో.

గడియ వేసినవాడు:
అసలు వెయ్యందే ఎలా తోడుకుంటుందండీ.

సగం చదివి వదిలేసినవాడు:
నన్నడిగితే రెలెవెన్స్ థియరీలో కొత్తేమీ లేదు. గ్రైస్ నాలుగు చెప్పాడు. వాటిలో మూడు తీసేసి "సందర్భానికి తగింది చెప్పు" అన్నదాన్ని మాత్రం ఉంచుకుని, దానికే ఓ పుస్తకం రాశారు స్పెర్బర్, విల్సన్. మీ కేసులో ఇద్దరూ సందర్భానికి తగిందే మాట్లాడారు కాబట్టి ఏ సూత్రమూ తప్పలేదు. అంతే.

కిటికీ పక్క సీటు:
సగం ఒప్పుకుంటాను. ఏ సూత్రమూ తప్పలేదన్నది నిజమే. మిగతా సగంతోనే పేచీ. పేరు ఒకటే గాని సరుకు వేరు.

గ్రైస్ 1967లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇవి చెప్పాడు, 1975లో అచ్చయ్యాయి. ఆయన దృష్టిలో ఇవి మాట్లాడేవాడు పాటించాల్సినవి, కావాలంటే తప్పగలిగినవి. వాడు బాహాటంగా తప్పితే వినేవాడు "ఎందుకిలా అన్నాడు?" అని ఆలోచించి లోపలి మాట పట్టుకుంటాడు. ఆయన ఉదాహరణే ఉంది: శిష్యుడికి ఫిలాసఫీ ఉద్యోగం కోసం సిఫారసు ఉత్తరం రాస్తూ గురువు "కుర్రాడి ఇంగ్లీషు బాగుంటుంది, క్లాసులకి క్రమం తప్పకుండా వస్తాడు" అని ముగిస్తాడు. చెప్పాల్సింది చెప్పలేదు గనక, చెప్పనిది మనకి తెలిసిపోతుంది. "సందర్భానికి తగింది" అన్న సూత్రం గురించి మాత్రం, చూడ్డానికి చిన్నదే గాని లోపల చాలా చిక్కులున్నాయని ఆయనే ఒప్పుకున్నాడు.

1986లో స్పెర్బర్, విల్సన్ ఆ చిక్కుల్లోకి దిగారు. వాళ్ళ రెలెవెన్స్ ఎవరో పాటించే నియమం కాదు. ఒక మనిషి మనల్ని ఉద్దేశించి నోరు విప్పాడంటేనే "నా మాట విను, నీ శ్రమ వృథా కాదు" అని హామీ ఇచ్చినట్టు. తప్పుదామన్నా తప్పలేం, ఎందుకంటే ఆ హామీ మాటలో లేదు, మాట్లాడ్డంలో ఉంది. వినేవాడు ఆ హామీని నమ్మి, తనకి ముందు తట్టిన అర్థంతో మొదలుపెడతాడు. ఆశించినంత ప్రయోజనం దాంట్లో దొరికితే అక్కడే ఆగిపోతాడు. దొరక్కపోతే తరవాతి అర్థానికి వెళ్తాడు.

ఇక మీ ఇంటికి వద్దాం. "వేశావా?" అన్న మాటలో ఏముంది? వేయడం ఉంది, నువ్వు ఉన్నావు, అయిపోయిందా అన్న ప్రశ్న ఉంది. ఏం వేయడమో లేదు. తెలుగులో గడియ వేస్తాం, తోడు వేస్తాం, లైటు వేస్తాం, ఓటు వేస్తాం, ముగ్గు వేస్తాం, వేషాలు కూడా వేస్తాం. మీరు ఇవన్నీ వరసలో నిలబెట్టి ఏరుకోలేదు కదా. చేతికి గడియ చల్లదనం ఇంకా తగులుతూనే ఉంది, గడియే ముందు తట్టింది. రాత్రి పదిన్నరకి అమ్మ గడియ గురించి అడగడం సబబుగానే ఉంది. ఆగిపోయారు. ఇంకా వెతకడానికి మీకు కారణమే లేదు.

ఒక్కటి చెప్పండి: అమ్మగారి మంచం మీంచి వీధి తలుపు కనిపిస్తుందా?

గడియ వేసినవాడు:
కనిపించదు. ఫ్యాను రొదలో గడియ చప్పుడు కూడా వినపడదు. వంటింటి లైటు మాత్రం తెలుస్తుంది, వెలుతురు గుమ్మం దాకా పడుతుంది.

కిటికీ పక్క సీటు:
అదీ సంగతి. ఆవిడకి తెలిసింది ఒక్కటే, వంటింట్లో లైటు ఆరింది. పిల్లాడు వంటింట్లోంచి వస్తున్నాడు, పాల గిన్నె అక్కడే ఉంది. ఆవిడ లెక్కలో "వేశావా?"కి తోడు తప్ప వేరే అర్థం లేదు. అందుకే ఆ ఒక్క మాటతో సరిపెట్టింది. అక్కర్లేని మాట జోడిస్తే వినేవాడికి దండగ శ్రమ. మాట్లాడేవాళ్ళకుండే పని, ఎదుటివాడికి ఏది ముందు తడుతుందో అంచనా కట్టడం. ఆవిడ కట్టిన అంచనా లైటుని బట్టి. మీరు అర్థం చేసుకున్నది గడియని బట్టి. పద్ధతి ఇద్దరిదీ ఒకటే, చేతిలో ఉన్న ఆధారాలే వేరు.

గ్రైస్‌తో అసలు తేడా ఇక్కడే. ఆయన సూత్రాలు పనిలోకి దిగేది, అన్న మాట ఏమిటో తేలిపోయాక, దాని వెనక ఇంకేం ఉందో పట్టుకోవడానికి. అన్నదాన్ని తేల్చడానికి నానార్థాల్లో ఒకటి ఎంచుకోవాలని, "నువ్వు" ఎవరో తెలియాలని ఆయనా ఒప్పుకున్నాడు, కానీ ఆ పని ఎలా జరుగుతుందో పెద్దగా పట్టించుకోలేదు. మీ ఇంట్లో పెరుగు చెడింది ఆ ముందు మెట్టు మీదే. అమ్మగారు ఏమీ సూచించలేదు, మీరూ సూచించలేదు. అడిగిందేమిటన్న దగ్గరే దారులు చీలాయి. అక్కడా ఊహే పని చేస్తుంది, అదీ ఇదే పద్ధతిలో, అంటారు స్పెర్బర్, విల్సన్.

పాత బడి పంతులు:
అయ్యా, ఇది మన శాస్త్రాల్లో లేనిదేమీ కాదు. "సైంధవమానయ", అంటే సైంధవం తీసుకురా, అని ఊరికే అన్నారా? సైంధవం అంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనం దగ్గర అంటే ఉప్పు, ప్రయాణానికి బయల్దేరుతూ అంటే గుర్రం. ప్రకరణాన్ని బట్టి తాత్పర్యం.

మీ "వేశావా"కి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ఎవరో "ద్వారం" అని ఊరుకుంటాడు, "మూయి" అని మనం చేర్చుకుంటాం. అక్కడ కర్మ ఉండి క్రియ లేదు, మీ అమ్మగారి మాటలో క్రియ ఉండి కర్మ లేదు. ఇలా చేర్చుకునేది పదాన్నా, అర్థాన్నా అని వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకుల్లో రెండు వర్గాల మధ్య పెద్ద వాదం నడిచింది. పదాన్నే అధ్యాహారం చేసుకోవాలన్నారు భాట్టులు, అర్థం తోస్తే చాలన్నారు ప్రాభాకరులు.

కిటికీ పక్క సీటు:
పంతులుగారూ, ఆ వాదం ఇవాళ్టికీ తేలలేదండీ. వినేవాడు వాక్యంలో కనపడని ఖాళీని పూరిస్తాడా, లేక వాక్యంతో పని లేకుండా తలపునే పూర్తి చేసుకుంటాడా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. స్పెర్బర్, విల్సన్ మీ ప్రాభాకరుల వైపు మొగ్గుతారు. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. ప్రకరణం చూడమని మనవాళ్ళు చెప్పారు. మరి ఆ రాత్రి ప్రకరణం ఏది, గడియా, గిన్నా? ప్రకరణం ముందే సిద్ధంగా ఉండదు, వింటూ వింటూనే దాన్నీ ఏరుకుంటాం అన్నది వీళ్ళు గట్టిగా పట్టుకున్న విషయం.

పాత బడి పంతులు:
అది కూడా ఉందనే చెప్పగలను, చూసి చెప్తాను.

సగం చదివి వదిలేసినవాడు:
సరే, నా పాయింటు కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇదంతా జరిగిపోయాక అల్లుకున్న కథలా లేదూ? గడియ అనుకుంటే "అదే ముందు తట్టింది" అంటారు. తోడు అనుకున్నా అదే అంటారు. ఇంత శ్రమ, ఇంత ప్రయోజనం అని కొలిచే తక్కెడ ఎక్కడుంది?

కిటికీ పక్క సీటు:
తక్కెడ లేదు. చాలామంది ఎత్తిచూపిన లోటే అది. ఫలానా మాటకి ఇంత అని అంకె వెయ్యలేం, రెండిట్లో ఏది ఎక్కువో మాత్రం చెప్పగలం. అంతమాత్రం చేత పరీక్షించలేమని కాదు. పారిస్‌లో దారినపోయేవాళ్ళని టైమెంతని అడిగి చూశారు, 2002లో అచ్చయింది. ముళ్ళ వాచీ వాళ్ళు దాదాపు అందరూ అయిదు నిమిషాలకి సర్దేసి చెప్పారు. అది వాళ్ళకి సుళువు కాబట్టి అనొచ్చు. కానీ డిజిటల్ వాచీ వాళ్ళలో కూడా సగానికి పైగా సర్దే చెప్పారు. కళ్ళెదుట అంకె ఉంది, చదివేస్తే పోయేది. సర్దడమే వాళ్ళకి అదనపు పని, వినేవాడికి తేలిగ్గా ఉంటుందని చేశారు. అడిగినవాడు ఫలానా టైముకి అపాయింట్‌మెంట్ ఉందని చెప్పినప్పుడు, ఆ టైము దగ్గరపడేకొద్దీ సర్దడం తగ్గింది. నిజమే చెప్పాలన్నది మొదటి నియమం అయితే డిజిటల్ వాళ్ళు ఎందుకు సర్దుతారు?

గడియ వేసినవాడు:
మరి పొద్దున అమ్మ అన్న "వేశావు నాయనా" సంగతి? అది దెప్పడమని నాకు వెంటనే తెలిసింది.

కిటికీ పక్క సీటు:
గ్రైస్ అయితే, కళ్ళెదుటే అబద్ధం ఆడింది గనక దానికి ఎదురర్థం తీసుకోమంటాడు. "వెయ్యలేదు" అని. ఆ ముక్క చెప్పడానికి ఆవిడ అంత చుట్టు తిరగడం దేనికి? గిన్నె చూస్తే మీకే తెలుస్తోంది. స్పెర్బర్, విల్సన్ 1981లోనే అన్నారు: వెటకారం ఎదురర్థం కాదు, ఎవరి మాటనో తిరిగి పలికి, దాన్ని నమ్మిన తీరుని ఎండగట్టడం. రాత్రి మీరన్న "వేశాను"ని పొద్దున మీకే వడ్డించింది.

ఇందూరు పిల్ల:
కానీ అన్న వేసిండు కదా, గడియ. గా మాట అబద్ధమెట్లయితది?

కిటికీ పక్క సీటు:
మంచి ప్రశ్న వేశావు. (వెటకారం కాదు.) ఆవిడ తోడు అర్థంలో తిరిగి పలికింది, మీ అన్న గడియ అర్థంలో అన్నాడు. అసలు ఎవరూ ఆ అర్థంలో అనని మాటని ప్రతిధ్వని అనొచ్చా? నాకింకా తెగలేదు.

గడియ వేసినవాడు:
ఈ చర్చంతా చదివి నిన్న రాత్రి అప్రమత్తంగా ఉన్నాను. తొమ్మిదింటికే పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసి, తోడు వేసి, లైటు ఆర్పి వచ్చాను. "వేశావా?" అంది అమ్మ. "భేషుగ్గా వేశానమ్మా" అన్నాను.

పొద్దున పాలవాడు బెల్లు కొట్టలేదు. తలుపు తోసుకుని వచ్చి ప్యాకెట్లు సోఫా మీద పెట్టి వెళ్ళాడు.