ప్రెస్ నోట్‌లోంచి "తొలిసారి", "100 శాతం సక్సెస్" తీసేస్తే ఇక మిగిలేదేంటి?

లహరి_పీఆర్: సోమాజిగూడలో ఒక చిన్న పీఆర్ ఏజెన్సీలో చేస్తాను, క్లయింట్ ఒక ఆస్పత్రి. వాళ్ళ మార్కెటింగ్ హెడ్ గారు పంపిన డ్రాఫ్ట్ ఇలా మొదలవుతుంది: "వైద్య చరిత్రలో సరికొత్త అధ్యాయం! దక్షిణాదిలోనే తొలిసారిగా విప్లవాత్మక టావీ టెక్నాలజీతో, నొప్పి లేకుండా, 84 ఏళ్ల వృద్ధురాలికి గుండె కవాటం మార్చి పునర్జన్మ ప్రసాదించిన మా వైద్య బృందం. ఇప్పటివరకు 12 కేసులు, 100 శాతం సక్సెస్." సగం కోసేసి పంపితే "నువ్వు మా తరఫునా, పేపరోళ్ళ తరఫునా" అన్నారు. ఎంత తీయాలి, ఎంత ఉంచాలి? అసలు తీయాలా?

కిరణ్_మియాపూర్: ఇంత ఆలోచన అక్కర్లేదండీ. ప్రతి దాని చివర "అని ఆస్పత్రి వర్గాలు తెలిపాయి" తగిలించండి, అయిపోయింది. అన్నది వాళ్ళు, మోసింది మీరు. పైగా ఇది యాడ్ కాదు కదా, ప్రెస్ నోట్, దీనికి ఏ చట్టమూ అడ్డు రాదు.

పాత_డెస్కు: ఇరవై ఏళ్ళు పేపర్ డెస్క్‌లో కూర్చుని ఇలాంటివి రోజుకో బొత్తి చూసినవాణ్ణి, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

కిరణ్ గారూ, "తెలిపాయి" అనేది పేపర్లో రాసేవాడికి పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ చెప్పేవాడు ఒకడు రాసేవాడు ఇంకొకడు. ఆస్పత్రి నోట్‌లో ఆస్పత్రే చెప్పింది అని రాస్తే ఎవరి మీదకి నెట్టినట్టు? వాళ్ళ మాటకి వాళ్ళే సాక్షి. ఇక చట్టం అంటారా, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రకటన అంటే ఏంటో చాలా వెడల్పుగా రాశారు, నోటీసు, సర్క్యులర్, లేబుల్ కూడా అందులోకి వస్తాయి. ప్రెస్ నోట్ వస్తుందా రాదా అని లాయర్లు కొట్టుకోవచ్చు గానీ, ఇదే నోట్‌ని సాయంత్రానికి ఆస్పత్రి వెబ్‌సైట్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ పెడతారుగా, అప్పుడు ఏమంటారు?

ఇప్పుడు లహరి గారి డ్రాఫ్ట్. నేను ఒక్కో మాట దగ్గర ఆగి ఒకటే అడుగుతా, దీనికి కాగితం ఎవరి దగ్గర ఉంది? "దక్షిణాదిలోనే తొలిసారి" అనాలంటే ఐదు రాష్ట్రాల్లో ఎవరూ చేయలేదని ఎవరో లెక్క తీసి ఉండాలి. అది ఎవరి దగ్గరా లేదు. పైగా టావీ, అంటే ఛాతీ తెరవకుండా రక్తనాళం గుండా కవాటం మార్చడం, అది 2002లో ఫ్రాన్స్‌లో అలైన్ క్రిబియే అనే డాక్టర్ మొదటిసారి మనిషికి చేసిన పద్ధతి, అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది, మన దేశంలోనూ పదేళ్ళకి పైగా చేస్తున్నారు. హెల్త్ రిపోర్టర్‌కి ఇది తెలుసు, "విప్లవాత్మక" అన్న మాట కనపడగానే మిగతా నోట్ మీద కూడా నమ్మకం పోతుంది. అదే "మా ఆస్పత్రిలో ఇంత వయసు పేషెంటుకి ఇదే మొదటిది" అంటే దానికి కాగితం ఇలాంటివి చేసే వాళ్ళ క్యాథ్ ల్యాబ్ రిజిస్టరే. అది నిజమైతే నిక్షేపంగా ఉంచండి.

"పునర్జన్మ", "సరికొత్త అధ్యాయం" వీటిని తప్పని నిరూపించలేం, ఒప్పని కూడా నిరూపించలేం, వాటిలో కబురు ఏమీ లేదు కాబట్టి ఒక్క గీతతో పోతాయి. అసలు చిక్కు "100 శాతం" దగ్గరుంది. 12 మందిలో ఎవరూ చనిపోలేదు అంటే సంతోషమే, కానీ దాన్ని శాతం చేస్తే 1200 మందికి చేసినట్టు వినపడుతుంది. లెక్కలవాళ్ళు వాడే ఒక మోటు సూత్రం ఉంది, ఒక్క చెడు ఫలితం కూడా రానప్పుడు 3ని కేసుల సంఖ్యతో భాగిస్తే అసలు ప్రమాదం ఎంత దాకా ఉండొచ్చో పైహద్దు వస్తుంది. 3 బై 12, అంటే 25 శాతం. అంత ఉందని కాదు, ఈ 12 కేసులు చూపించి అంత లేదని గట్టిగా చెప్పలేం అని. అందుకే శాతం తీసేసి సంఖ్య ఉంచండి, సక్సెస్ అంటే ఏంటో కూడా రాయండి. ఎన్ని రోజుల వరకు చూశారు? గుండె ఆపరేషన్లకి మామూలుగా 30 రోజుల లెక్క చూస్తారు.

రవన్న_ఉప్పల్: గిదంత బాగనే ఉంది గని, నేను ప్లాట్లు అమ్ముత. బ్రోచర్ల "హైదరాబాద్‌లనే నంబర్ వన్ వెంచర్" అని లేకపోతే ఫోన్ గూడ రాదు. నిజం రాసుకుంట కూసుంటే బిజినెస్ ఎట్ల నడుస్తది తమ్మీ?

పాత_డెస్కు: రవన్నా, నీది యాడ్, పైసలిచ్చి జాగా కొనుక్కుంటవ్, రెరా నంబర్ వేసి నీ ఇష్టమొచ్చినట్టు... అట్ల గూడ కాదులే, అక్కడా రూల్స్ ఉన్నయ్. లహరి గారిది వేరే లెక్క, ఉచితంగా వేయమని అడగడం, వేసేవాడికి కబురు కావాలి.

లహరి_పీఆర్: థాంక్యూ సార్. అయితే డాక్టర్ గారి కోట్‌లో "ఇది భారత వైద్య రంగంలో మైలురాయి" అని ఉంది. కోట్‌ని మార్చకూడదు అంటారుగా, మరి దాన్నేం చేయను? ఇంకోటి, ఐదో పేరాలో నల్గొండలో నెలకోసారి కవాటాల ఓపీ పెడతాం, ఎకో టెస్ట్ అక్కడే ఉచితం అని ఉంది, అది ఇరికించినట్టు ఉందని తీసేద్దామనుకున్నా.

పాత_డెస్కు: అయ్యో, అది తీయకండి! అసలు వార్త అదే.

పేషెంటు నల్గొండ జిల్లావిడేనా? అయితే ఆ జిల్లా పేజీలో అదే లీడ్. హైదరాబాద్ సిటీ పేజీలో "ఛాతీ తెరవకుండా కవాటం మార్పిడి" లోపలి పేజీలో చిన్న ఐటమ్ అవుతుంది, ఎందుకంటే అలాంటి నోట్లు వారానికి ఎన్నో వస్తాయి. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, వయసైపోయింది అనుకుని ఇంట్లో కూర్చున్న పెద్దావిడకి ఫలానా రోజు ఫలానా చోట ఎకో తీస్తారు అన్న మాట చాలా పనికొస్తుంది. తేదీ, చోటు, టైము, ఫోన్ నంబరు వేయించండి. ఊక తీసేస్తే ఏమీ మిగలదు అంటారు గానీ, చాలాసార్లు గింజ ఐదో పేరాలో ఉంటుంది.

కోట్ సంగతి. పేపర్లో ఉన్నవాడు కోట్ లోపలి మాట మార్చకూడదు, మొత్తం వదిలేయొచ్చు లేదా కోట్ తీసి తన మాటల్లో రాసుకోవచ్చు. మీరు ఉన్నది నోట్ తయారయ్యే చోట. నిజం చెప్పుకుందాం, ఆ కోట్ డాక్టర్ గారు నోరు తెరిచి అన్నది కాదు, మార్కెటింగ్ వాళ్ళు రాసి ఆయన పేరు పెట్టింది. ఆయనకే ఫోన్ చేసి "ఈవిడకి ఓపెన్ సర్జరీ ఎందుకు వద్దనుకున్నారు సార్" అని అడగండి. వచ్చిన జవాబు రాసి, ఆయనకి పంపి, సరే అన్నాక పెట్టండి. డాక్టర్లకి 2002 నాటి ఎథిక్స్ నిబంధనలు ఉన్నాయి, పేషెంట్లని రప్పించుకోడానికి ప్రచారం చేసుకోకూడదని, కాబట్టి మైలురాయి పోతే ఆయనే ఊపిరి పీల్చుకుంటాడు.

నేనైతే ఇలా మొదలుపెడతా:

"84 ఏళ్ల మహిళకు ఛాతీ తెరవకుండా గుండె కవాటం మార్పిడి, నల్గొండలో ఇక నెలకోసారి ఉచిత ఎకో.

హైదరాబాద్: బృహద్ధమని కవాటం బాగా ఇరుకైపోయి ఆయాసంతో బాధపడుతున్న నల్గొండ జిల్లా మహిళకు తొడ దగ్గరి రక్తనాళం ద్వారా కొత్త కవాటం అమర్చారు. వయసు, కిడ్నీ సమస్య వల్ల ఓపెన్ హార్ట్ సర్జరీ ఆమెకు ప్రమాదమని డాక్టర్లు ఈ పద్ధతి ఎంచుకున్నారు. నాలుగో రోజు ఇంటికి వెళ్ళారు. ఈ ఆస్పత్రిలో ఇప్పటివరకు 12 మందికి ఇలా చేశారు, 30 రోజుల్లోపు మరణాలు లేవు."

కిడ్నీ, నాలుగో రోజు, 30 రోజులు ఇవి నేను ఊహించి వేసినవి, కేస్ షీట్ చూసి సరిచేయండి. పేషెంటు పేరు, ఫొటో వాడాలంటే ఆవిడ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

క్యాథ్‌ల్యాబ్_సునీత: నేను క్యాథ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, వేరే ఆస్పత్రి. "నొప్పి లేకుండా" గురించి ఎవరూ మాట్లాడలేదు. చాలామందికి తొడ దగ్గర మత్తిచ్చి, కొంచెం నిద్రమత్తులో ఉంచి చేస్తాం, తర్వాత ఆ చోట నొప్పి, కమిలిపోవడం ఉంటాయి. "పూర్తి మత్తు ఇవ్వకుండా" అని రాస్తే సరిపోతుంది, అదీ ఈవిడకి నిజంగా అలా చేసి ఉంటేనే.

ఇంకో మాట అడగాలి మేడం. ఆ 12 మందిలో పేస్‌మేకర్ ఎంతమందికి పడింది? టావీ తర్వాత గుండె కరెంటు లైను దెబ్బతిని కొంతమందికి పర్మనెంట్ పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది, ఇది అందరికీ తెలిసిన రిస్కే.

లహరి_పీఆర్: ఇప్పుడే అడిగాను. ఇద్దరికి. ఈవిడకి కాదు. కిడ్నీ నిజమే, డిశ్చార్జ్ ఐదో రోజు. 30 రోజుల లెక్క మాత్రం 10 మందికే ఉంది, ఈవిడది, ఇంకొకరిది ఇంకా నెల కాలేదు.

పాత_డెస్కు: చూశారా, అడిగితే గానీ బయటపడలేదు. అయితే "12 మందిలో నెల దాటిన 10 మందీ క్షేమం" అని రాయాలి, 12 అని కాదు.

కిరణ్_మియాపూర్: చట్టం సంగతి సరే, ఒప్పుకున్నా. కానీ పేస్‌మేకర్ కూడా రాయమంటారా ఏంటి? ఏ కంపెనీ అయినా తన నోట్‌లో తన సైడ్ ఎఫెక్ట్స్ రాసుకుంటుందా? హైప్ తీయడం వేరు, ఎదురు రిపోర్ట్ రాయడం వేరు.

క్యాథ్‌ల్యాబ్_సునీత: మరణాల సంఖ్య మీరే ఎంచుకుని వేసి, పక్కనే ఉన్న పేస్‌మేకర్ సంఖ్య దాచిపెడితే అదీ "100 శాతం" లాంటిదే కదండీ, కాస్త మర్యాదగా ఉంది అంతే.

పాత_డెస్కు: ఇక్కడ నేను సునీత గారి వైపు సగమే. ఫలితాల లెక్క వేస్తే రెండూ వేయాలి, లేదంటే రెండూ తీసేసి ఒక్క పేషెంటు కథ, నల్గొండ ఓపీ వరకే ఉంచాలి. నేనైతే రెండోదే చేస్తా, 12 కేసులతో ఫలితాలు చెప్పుకోవడమే తొందరపాటు. కానీ రిపోర్టర్ ఫోన్ చేసి అడిగితే రెండు సంఖ్యలూ చెప్పాలి, ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

క్యాథ్‌ల్యాబ్_సునీత: అడిగితేనే చెప్పడం ఏంటి సార్, అడిగేవాళ్ళు ఎంతమంది? ఆ నోట్ చదివి వచ్చే పేషెంటుకి అడగాలని కూడా తెలీదు.

లహరి_పీఆర్: మార్కెటింగ్ హెడ్ గారికి రెండు వెర్షన్లూ పంపా, పేస్‌మేకర్ ఉన్నదొకటి, ఫలితాల లెక్కే లేనిదొకటి. "తొలిసారి" వదులుకున్నారు, నల్గొండ హెడ్డింగ్ నచ్చిందట. "పునర్జన్మ" మాత్రం ఒక్క చోటైనా ఉంచమంటున్నారు.

రవన్న_ఉప్పల్: ఉంచు బిడ్డా, ఆ ఒక్కటి పోతే ఆయన నౌకరి పోతదేమో.