పైత్యరసంలో కొలెస్ట్రాల్ పనిని క్లాసులో ఎలా చూపించాలి?

అందరికీ నమస్కారం. విశాఖలో పెద్దవాళ్లకు ఆరోగ్య పాఠం చెప్పాలి. కణాల పొరలకు, కార్టిసాల్ లాంటి హార్మోన్లకు, ఎండలో చర్మం తయారుచేసే విటమిన్ డికి కొలెస్ట్రాల్ అవసరమంటే సులువుగానే అర్థమవుతోంది. చిక్కంతా పైత్యరసం దగ్గరే.

కాలేయం కొలెస్ట్రాల్ నుంచే పైత్య ఆమ్లాలు చేస్తుంది. అవి చేపల వేపుడులోని నూనెను సన్నటి బిందువులుగా విడగొడతాయి. ఆ పనయ్యాక దాదాపు 95 శాతం చిన్నపేగు చివర రక్తంలోకి చేరి తిరిగి కాలేయానికి వెళ్తాయి. రోజుకు సుమారు అర గ్రాము మలంలో పోతుంది. ఆ లోటును కాలేయం మళ్లీ కొలెస్ట్రాల్‌తోనే పూడుస్తుంది.

గ్లాసు నీళ్లలో చెంచా నూనె, రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి కలిపితే నూనె విడిపోవడం కనిపిస్తుంది. ఈ తిరిగి వాడుకోవడాన్ని, పచ్చసొన మానేసినా కాలేయం సొంతంగా కొలెస్ట్రాల్ చేసుకోవడాన్ని చూపించే తేలికైన పద్ధతి ఎవరికైనా తెలుసాండీ?