అప్‌డేట్: విజిటింగ్ కార్డు మీద ‘మాధవి’ని చైనీస్‌లో ఎలా రాయించాను

నా ప్రశ్న: "కాంటన్ ఫెయిర్ అనే వ్యాపార ప్రదర్శనకి చైనాలోని గ్వాంగ్‌జౌ వెళ్తున్నాను. కార్డు వెనక ‘మాధవి’ అని చైనీస్‌లో వేయించాలి. ఆన్‌లైన్‌లో 马达维 వచ్చింది. ఇది వేయించవచ్చా?"

సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. పని అయిపోయింది. ‘చైనీస్ వచ్చినవాళ్లతో ఒకసారి చదివించండి’ అన్న మాటే పనికొచ్చింది. మాండరిన్ టీచర్‌కి చూపిస్తే ఆవిడ నవ్వేశారు. 马达 అంటే మోటారు, 维 అనేది మరమ్మతు అనే మాటలో వచ్చే అక్షరం. కార్డు చూస్తే మోటార్ల రిపేరు షాపు గుర్తొస్తుందట! మాండరిన్‌లో ‘వి’ అనే ధ్వని లేదు కాబట్టి ‘వి’కి ‘వెయ్’ తప్పదు, అక్షరాలు మాత్రం మార్చుకోవచ్చన్నారు.

చివరికి 马黛薇 (మా దాయ్‌వెయ్) ఖాయం చేశాం. 马 అక్కడ మామూలు ఇంటిపేరు కాబట్టి పేరు చైనా పద్ధతిలోనే ఉంటుంది. 黛 పూర్వం కనుబొమలకు దిద్దుకునే నల్లరంగు, 薇 ఒక మొక్క పేరు. రెండూ ఆడవాళ్ల పేర్లలో వాడేవే. 马黛 అంటే ఒక దక్షిణ అమెరికా టీ కూడా గుర్తొస్తుందట, మోటారు కన్నా నయం కదా.

గీతలు తగ్గించిన సింప్లిఫైడ్ లిపా, పాత ట్రెడిషనల్ లిపా అన్న టెన్షన్ అనవసరం. చైనాకి సింప్లిఫైడే, పైగా ఇందులో మారేది 马 ఒక్కటే. పేరులోని అక్షరాల గీతలు లెక్కపెట్టి అదృష్టం చూడటం వదిలేశాను. కాంట్రాక్టుల్లో మాత్రం పాస్‌పోర్టులోని ఇంగ్లీషు పేరే రాస్తున్నాను.